మీ ఊపిరితిత్తుల వయసెంత?

అయిదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని నిండా నీళ్ళు పోయండి. మూతిని అరచేత్తో మూసి, నీళ్ళున్న తొట్టిలో తలకిందులుగా నిలబెట్టండి. శుభ్రమైన రబ్బరు గొట్టం ఒక కొసను డబ్బా మూతిలోకి దూర్చి, రెండో కొసను నోట్లో పెట్టుకోండి. దానికి ముందే నిండా గాలి పీల్చి ఉంచుకోవాలి సుమా, గొట్టంలోంచి పీల్చకూడదు. ఇప్పుడు ఇక వదలడానికి ఏమీ మిగలలేదు అనిపించే దాకా ఊదండి. డబ్బాలో నీళ్ళు దిగి, పైన కొంత ఖాళీ ఏర్పడుతుంది. మీ ఊపిరితిత్తుల నుంచి వచ్చిన గాలి అంతన్నమాట.

1846లో లండనులో జాన్ హచిన్సన్ అనే వైద్యుడు ఇంచుమించు ఇదే సూత్రం మీద పనిచేసే పరికరాన్ని వర్ణించాడు. దాని పేరు స్పైరోమీటరు. నీళ్ళలో బోర్లించిన పాత్రలోకి ఊదితే పాత్ర పైకి లేచేది. రెండువేలమందికి పైగా మనుషుల చేత ఊదించి, పొడవైన వాళ్ళు ఎక్కువ గాలి వదులుతారని, వయసు పెరిగేకొద్దీ అది తగ్గుతుందని ఆయన గమనించాడు. ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోండి, ముందు ముందు వీటితోనే మనకు పని.

మీ డబ్బా ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. గాలి ఎంత వచ్చిందో చెబుతుందిగాని ఎంత త్వరగా వచ్చిందో చెప్పదు. పొగ తాగేవాడి విషయంలో అసలు రహస్యం అక్కడే ఉంది.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు బలంగా ఊదితే, మొత్తం గాలిలో సుమారు మూడువంతులు గాని అంతకు కొంచెం ఎక్కువ గాని మొదటి సెకనులోనే బయటికి వచ్చేస్తుంది. అందుకు కారణం ఊపిరితిత్తుల సాగేగుణం. ఊదిన బుడగ మూతి వదిలితే గాలి తనంతట తానే ఎలా తన్నుకు వస్తుందో ఇదీ అలాగే. ఏళ్ళ తరబడి పొగ పీల్చిన వాళ్ళలో సన్నటి శ్వాసనాళాల గోడలు వాచి, వాటిలో శ్లేష్మం చేరి దారి ఇరుకవుతుంది. వాయుగోళాల మధ్య ఉన్న పలుచటి గోడలు చిరిగిపోయి సాగేగుణం తగ్గుతుంది. గాలి లోపల ఉంటుంది, కాని బయటికి రావడానికి చాలాసేపు పడుతుంది. కొందరు ఎనిమిది, పది సెకన్లు ఊదితేగాని పూర్తికాదు. అందుకే నేటి స్పైరోమీటరు మొదటి సెకనులో వచ్చిన గాలిని విడిగా కొలుస్తుంది. తెర మీద FEV1 అని కనబడే అంకె అదే. మనం దాన్ని ‘మొదటి సెకను గాలి’ అందాం.

ఇది పాతికేళ్ళ వయసు దాకా పెరిగి, ఆ తరువాత ఎవరికైనా సరే ఏటేటా కొద్దికొద్దిగా తగ్గుతుంది. పొగ వల్ల దెబ్బతినే వాళ్ళకు ఇంకా వేగంగా తగ్గుతుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఊపిరితిత్తులకు మిగులు బలం చాలా ఉండటంవల్ల, చాలాభాగం పోయేదాకా మనిషికి ఏమీ తెలియదు. మేడమెట్లు ఎక్కితే ఆయాసం వచ్చిందంటే ‘వయసు మీద పడుతోందిలే’ అని సర్దిచెప్పుకుంటాడు. డాక్టరు ‘మీ మొదటి సెకను గాలి 2.6 లీటర్లు’ అని చెప్పినా అతనికి ఏం అర్థమవుతుంది? మంచిదో చెడ్డదో కూడా తెలియదు.

ఈ ఇబ్బందికి 1985లో అమెరికాలో జేమ్స్ మోరిస్, విలియం టెంపుల్ అనే ఇద్దరు ఒక ఉపాయం ఆలోచించారు. పొగ తాగని ఆరోగ్యవంతులలో ఇంత ఎత్తు, ఇంత వయసు ఉంటే ఇంత గాలి రావాలి అని చెప్పే సమీకరణం అప్పటికే ఉంది. వాళ్ళు దాన్ని తిరగేశారు. ఇంత ఎత్తు, ఇంత గాలి ఉంటే వయసు ఎంత ఉండాలి? దానికి వచ్చే జవాబే ‘ఊపిరితిత్తుల వయసు’. మగవాళ్ళకు వాళ్ళిచ్చిన సూత్రం ఇది (ఆడవాళ్ళకు అంకెలు వేరు):

ఊపిరితిత్తుల వయసు = (2.87 × ఎత్తు అంగుళాలలో) − (31.25 × మొదటి సెకను గాలి లీటర్లలో) − 39.375

ఒక లెక్క చేద్దాం. ఇంగ్లండులో 52 ఏళ్ళ మనిషి ఒకడున్నాడనుకోండి. ఎత్తు 68 అంగుళాలు. చిన్నప్పటినుంచి సిగరెట్లు కాలుస్తున్నాడు. మొదటి సెకను గాలి 2.6 లీటర్లు వచ్చింది. 2.87ను 68తో గుణిస్తే 195.16. 31.25ను 2.6తో గుణిస్తే 81.25. మొదటిదాన్లోంచి ఇదీ, 39.375 తీసేస్తే 74.5 మిగులుతుంది. అంటే అతని వయసు 52, ఊపిరితిత్తుల వయసు సుమారు 75. తేడా 23 ఏళ్ళు. ‘2.6 లీటర్లు’ అంటే కదలని మనిషి ఈ మాటకు ఉలిక్కిపడతాడు.

కాని ఆ సూత్రాన్ని ఇంకొంచెం పరిశీలించండి. ఒక లీటరుకు 31.25 ఏళ్ళు అంటే, ఒక ఏడాదికి 32 మిల్లీలీటర్లు మాత్రమే. రెండు పెద్ద చెంచాలు! ఇంత చిన్న కొలతమీద వయసు నిలబడినప్పుడు, ఊదడంలో ఏమాత్రం అశ్రద్ధ జరిగినా లెక్క తారుమారవుతుంది. అందుకే పరీక్ష చేసేవాళ్ళు అంత పట్టుగా ఉంటారు. నిటారుగా కూర్చోబెట్టి, ముక్కుకు క్లిప్పు పెట్టి, పెదవులు గొట్టం చుట్టూ బిగించమంటారు. నిండా పీల్చి ఒక్కసారిగా ఊదమంటారు. ఆ తరువాత ‘ఇంకా, ఇంకా, ఆపకండి’ అని పక్కనుంచి కేకలు పెడుతూనే ఉంటారు. మొదలు మెల్లగా ఊదినా, తొలి సెకనులో దగ్గినా ఆ ఊదుడు పనికిరాదు. తెర మీది గీత చూస్తే అది తెలిసిపోతుంది. మంచి ఊదుడుకు గీత కొండకొనలా నిటారుగా లేస్తుంది, మెల్లగా ఊదితే గుండ్రటి గుట్టలా ఉంటుంది. ఇలా కనీసం మూడు మంచి ఊదుళ్ళు కావాలి. అందులో మేలైన రెండింటి మధ్య తేడా 150 మిల్లీలీటర్లు మించకూడదు. ఆ 150ని 32తో భాగించి చూడండి, దాదాపు అయిదేళ్ళు! కాబట్టి ‘75’ అంటే ఖచ్చితంగా 75 అని కాదు, ఆ చుట్టుపక్కల అని అర్థం.

ఇంతకూ ఈ మాట చెబితే మనుషులు సిగరెట్టు మానతారా? ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో గ్యారీ పార్క్స్ అనే డాక్టరు, ఆయన సహచరులు దీన్ని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. 35 ఏళ్ళు దాటిన 561 మంది పొగతాగేవాళ్ళను చీట్లు తీసినట్టుగా రెండు జట్లు చేశారు. అందరి చేతా స్పైరోమీటరు ఊదించారు. మానెయ్యమని అందరికీ గట్టిగా చెప్పి, సాయం దొరికే చోటు చూపించారు. తేడా ఒక్కటే: ఒక జట్టుకు ఊపిరితిత్తుల వయసును బొమ్మ గీసి వివరించారు, రెండో జట్టుకు లీటర్ల అంకె మాత్రం ఇచ్చారు. ఏడాది తరువాత ‘మానేశాను’ అన్న మాటను ఊరికే నమ్మలేదు. నికోటిన్ శరీరంలో మారి ఏర్పడే కోటినిన్ అనే పదార్థం ఉమ్మిలో ఉందేమో చూశారు. అంకె మాత్రం విన్నవాళ్ళలో నూటికి 6.4 మంది, వయసు విన్నవాళ్ళలో 13.6 మంది నిజంగా మానేశారు.

రెట్టింపుకు పైన! అయినా నూటికి 86 మంది మానలేదన్నది కూడా అంతే నిజం. తరువాత ఇతరచోట్ల జరిగిన పరీక్షలన్నీ ఇంత మంచి ఫలితం ఇవ్వలేదు. అది మంత్రం కాదు. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది మరొకటి. ఊపిరితిత్తుల వయసు మామూలుగానే ఉందని విన్నవాళ్ళు ‘నాకేం కాలేదు’ అని ధీమాగా కాల్చుకుంటూ పోతారని ఎవరైనా అనుకుంటారు. అలా జరగలేదు. వాళ్ళు కూడా ముసలి ఊపిరితిత్తుల వాళ్ళతో సమానంగా మానేశారు. కాబట్టి భయపెట్టడం ఒక్కటే ఇక్కడ పనిచెయ్యలేదన్నమాట. తన శరీరం గురించి తనకు అర్థమయ్యే మాటలో ఎవరైనా కూర్చుని చెప్పడం పనిచేసిందేమో. ఇది నా ఊహ మాత్రమే.

మన 52 ఏళ్ళ మనిషి దగ్గరికి మళ్ళీ వద్దాం. అతను నీరసంగా ‘అయిపోయింది గదండీ, ఇప్పుడు మానితే మాత్రం 52కు వస్తుందా?’ అని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. రాదు. చిరిగిన వాయుగోళాల గోడలు మళ్ళీ అతుక్కోవు. కాని అమెరికా, కెనడాలలో వేలాదిమందిని పదకొండేళ్ళు గమనించి చేసిన ఒక అధ్యయనంలో, కాల్చడం ఆపని మగవాళ్ళకు మొదటి సెకను గాలి ఏటా సుమారు 66 మిల్లీలీటర్ల చొప్పున తగ్గింది. మొదట్లోనే మానేసి, మళ్ళీ ముట్టని వాళ్ళకు సుమారు 30 చొప్పున తగ్గింది. మన మనిషికి ఈ అంకెలు వేసి చూడండి. కాలుస్తూ పోతే పదేళ్ళకు 660 మిల్లీలీటర్లు పోయి 1.94 లీటర్లు మిగులుతుంది. అప్పుడతని వయసు 62, ఊపిరితిత్తుల వయసు 95. ఈరోజే మానేస్తే 2.3 లీటర్లు మిగులుతుంది, ఊపిరితిత్తుల వయసు 84. అంటే 23 ఏళ్ళ తేడా మొదటి దారిలో 33 అవుతుంది, రెండోదారిలో 22 దగ్గర ఆగుతుంది. ఇక మీదట అతని ఊపిరితిత్తులు అతనితోపాటే, అతని వేగంతోనే ముసలివవుతాయి. డాక్టరు ఆ కాగితం మీద వెనకటి నష్టంతోపాటు ఈ రెండు దారులూ గీసి చూపిస్తే, నీరసించిన మనిషికి చెయ్యడానికి ఒక పని కనబడుతుంది.

‘మా తాత ఎనభై ఏళ్ళదాకా చుట్ట కాల్చాడు, ఏమయింది?’ అనేవాళ్ళు మన ఊళ్ళలో ప్రతి వీధిలో ఉంటారు. పొగ అందరి శ్వాసనాళాలనూ ఒకే వేగంతో పాడుచెయ్యదు, ఆ మాట నిజమే. ఎవరిది ఏ వేగమో తెలుసుకోవడానికే రెండేళ్ళకో మూడేళ్ళకో మళ్ళీ ఊదించి చూడటం. అయితే గాలి బాగా వచ్చినంత మాత్రాన కాన్సరుకు, గుండెపోటుకు అభయం దొరికినట్టు కాదు. స్పైరోమీటరుకు ఆ సంగతులు తెలియవు.

మీ ఇంట్లో నాన్నగారికో మామయ్యకో బీడీ, సిగరెట్టు అలవాటుండి, ఎప్పుడైనా ఈ పరీక్ష కాగితం ఇంటికి వస్తే, పైన చెప్పిన సూత్రం వేసి కంగారు పెట్టకండి. ఆ అంకెలు అమెరికా వాళ్ళను కొలిచి తయారుచేసినవి. అంతే ఎత్తున్న భారతీయులకు, పొగ అసలు తాగకపోయినా, మొదటి సెకను గాలి సాధారణంగా అంతకంటే తక్కువ ఉంటుంది. ఆ లెక్కన ఆరోగ్యవంతుడు కూడా ముసలివాడుగా కనిపిస్తాడు. యంత్రంలో ఏ దేశస్థుల ప్రమాణం ఎంచుకున్నారో, చెప్పులు విప్పించి ఎత్తు కొలిచారో లేదో డాక్టరుగారిని అడగండి. ఒక్క అంగుళం ఎక్కువ రాస్తే చాలు, దాదాపు మూడేళ్ళు మీద పడతాయి.