ప్రాజెక్టు వదిలినా వదలని బాధ్యతలు

నాలుగు ఆసుపత్రులు కలిసి చేస్తున్న మధుమేహ అధ్యయనం నుంచి ఒక పరిశోధకురాలు మధ్యలో తప్పుకుంటున్నారనుకుందాం. ఆమె లేఖలో కారణం ఒక్క వాక్యంలో ముగిసినా ఫర్వాలేదు. మూడు విషయాలు మాత్రం తేలిపోవాలి.

మొదటిది డేటా. ఏ తేదీ వరకు సేకరించారో, రోగుల పేర్లకూ కోడ్ నంబర్లకూ లంకె చూపే జాబితాను ఎవరికి అప్పగించారో రాయాలి. సొంత ల్యాప్‌టాప్‌లోని ప్రతులను చెరిపేసే ముందు ఒప్పందం చూసుకోవాలి. కొన్ని రికార్డులను నిర్ణీత కాలం దాచాల్సి ఉంటుంది.

రెండోది రచయితగా పేరు. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నియమాల ప్రకారం డేటా సేకరించడం ఒక్కటే చాలదు. వ్యాసం రాయడంలోనో, దాన్ని లోతుగా దిద్దడంలోనో పాలుపంచుకోవాలి, తుది ప్రతిని ఆమోదించాలి, దానికి జవాబుదారీగా నిలవాలి. కాబట్టి ‘ముసాయిదా పంపండి, చూసి ఆమోదిస్తాను’ అనో, ‘కృతజ్ఞతల్లో ప్రస్తావిస్తే చాలు’ అనో ఆమె స్పష్టం చేయాలి. వ్యాసం అప్పటికే పత్రికకు వెళ్లి ఉంటే, పేరు తొలగింపునకు రచయితలందరి సంతకాలతో పాటు ఆమె సంతకమూ అవసరం.

మూడోది గోప్యత. రోగుల వివరాలనూ, వెలువడని ఫలితాలనూ కొత్త ఉద్యోగంలో వాడనని ఆమె రాసివ్వాలి. ప్రాజెక్టు నుంచి తప్పుకున్నంత మాత్రాన ఆ మాట రద్దు కాదు.