పాత పాలసీకి కొత్త ధర

వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య బీమాపై 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు. సంతోషించాల్సిన విషయమే. కానీ ఆ తర్వాత తొలిసారి వచ్చే రెన్యువల్ నోటీసులో అసలు పెంపు కనిపించకుండా పోయే ప్రమాదం ఉంది.

ఒక ఊహా లెక్క చూద్దాం. రాజమహేంద్రవరంలో రిటైరైన ఒక ఉపాధ్యాయుడు, ఆయన భార్య. ఇద్దరికీ కలిపి 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ, పదకొండేళ్లుగా ఒక్క ఏడాదీ తప్పకుండా కడుతున్నారు. కిందటేడు అసలు ప్రీమియం 30,000, జీఎస్టీ 5,400, కలిపి 35,400 రూపాయలు. ఈసారి నోటీసులో 38,400 అని ఉంది. మూడు వేలే కదా పెరిగింది అనిపిస్తుంది. కానీ ఈ 38,400లో జీఎస్టీ లేదు. పోల్చాల్సింది 30,000తో. అంటే పెంపు 8,400 రూపాయలు, 28 శాతం!

ఈ 8,400 ఒకే కారణంతో పెరిగింది కాదు. ఫ్లోటర్ పాలసీల్లో ఎక్కువగా ఇంట్లో పెద్దవారి వయసునుబట్టే ప్రీమియం నిర్ణయిస్తారు. మాస్టారుకి 61 నిండాయి కాబట్టి కంపెనీ పట్టికలో పై స్లాబులోకి వెళ్లారు. పాత పట్టిక ప్రకారమే ఆ స్లాబు ధర 35,000 అనుకుందాం. కాబట్టి తొలి 5,000 వయసు వల్ల వచ్చింది. మిగిలిన 3,400 కంపెనీ పట్టికనే సవరించడం వల్ల వచ్చింది. ఇది 35,000 మీద 9.7 శాతం.

ఈ విభజన ఎందుకంటే, రెంటికీ వర్తించే నియమాలు వేరు. హైదరాబాద్‌లోనే ప్రధాన కార్యాలయం ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2025 జనవరి 30న ఒక సర్క్యులర్ ఇచ్చింది. అరవై దాటినవారి ఆరోగ్య బీమా ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదని, అంతకు మించాల్సి వస్తే ముందుగా తమతో సంప్రదించాలని కంపెనీలకు చెప్పింది. పై లెక్కలో స్లాబు మార్పును పక్కనపెట్టి, పట్టిక సవరణను మాత్రమే పెంపుగా చూపిస్తే కంపెనీ 10 శాతం గీత దాటనట్టే కనిపిస్తుంది. కట్టేవారి జేబుకి మాత్రం 28 శాతం చిల్లు. అందుకే పెంపులో వయసు వాటా ఎంత, సవరణ వాటా ఎంత, తీసేసిన డిస్కౌంట్ ఏమైనా ఉందా అని ఈమెయిల్లో అడిగి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవాలి. ఏజెంటు ఫోన్లో ఇచ్చే వివరణ రేపు ఫిర్యాదు దాకా వెళ్తే ఎందుకూ కొరగాదు. అరవై లోపువారికి ఈ 10 శాతం రక్షణ కూడా లేదు.

ఇంకో మాట తరచుగా వినిపిస్తుంది: ‘నిరుడు ఆపరేషన్‌కి క్లెయిమ్ పెట్టారు కదా సార్, అందుకే పెంచారు.’ నిబంధనలు దీన్ని ఒప్పుకోవు. ఒక మనిషి క్లెయిమ్ చేశాడని రెన్యువల్లో అతనికొక్కడికే ప్రీమియం పెంచడానికీ, రెన్యువల్ నిరాకరించడానికీ వీల్లేదు. మోసం చేసినట్టో, జబ్బు దాచినట్టో తేలితే అది వేరే సంగతి. కంపెనీ పెంచగలిగేది ఆ పాలసీలో ఉన్నవారందరికీ కలిపి.

పాత పాలసీలకు కష్టం వచ్చేది సరిగ్గా ఇక్కడే. కంపెనీ కొత్త పేరుతో కొత్త పాలసీ తెచ్చి, ఏజెంట్ల చేత దాన్నే అమ్మిస్తుంది. పాతదాంట్లోకి కుర్రవాళ్లు రావడం ఆగిపోతుంది. ఉన్నవారికి ఏటేటా వయసు పెరుగుతుంది, క్లెయిములూ పెరుగుతాయి. రేటు పెంచితే ఆరోగ్యంగా ఉన్నవారు చవకైన చోటు చూసుకుని వెళ్లిపోతారు. మిగిలినవారి క్లెయిముల సగటు ఇంకా పెరుగుతుంది. మళ్లీ రేటు పెంపు. చివరికి ఒకరోజు ‘ఈ పాలసీని ఉపసంహరిస్తున్నాం’ అని ఉత్తరం వస్తుంది.

ఆ ఉత్తరం చూసి బెంబేలెత్తక్కర్లేదు. పాలసీ పత్రాల్లో ఉండే ప్రామాణిక షరతు ప్రకారం గడువు ముగియడానికి 90 రోజుల ముందే కంపెనీ సమాచారం ఇవ్వాలి. అదే కంపెనీలోని అలాంటి మరో పాలసీలోకి మారే అవకాశం కల్పించాలి. దీన్నే మైగ్రేషన్ అంటారు. ఇన్నాళ్లూ విరామం లేకుండా కట్టినందుకు దక్కిన హక్కులు కూడా వెంట వస్తాయి: ముందునుంచీ ఉన్న జబ్బులకు పూర్తిచేసిన వెయిటింగ్ పీరియడ్, పోగుపడిన బోనస్. అయిదేళ్లు నిండాక మోసం నిరూపిస్తే తప్ప జబ్బు దాచారన్న వంకతో క్లెయిమ్ తిరస్కరించకూడదన్న రక్షణ కూడా పోదు. సీనియర్లకు అమ్మిన వ్యక్తిగత పాలసీని ఉపసంహరించాలన్నా కంపెనీ ముందు ఐఆర్‌డీఏఐతో సంప్రదించాలని అదే సర్క్యులర్ చెబుతోంది.

అయితే వెంట వచ్చేది కాలం లెక్క మాత్రమే, పాత పాలసీలోని సౌకర్యాలన్నీ కాదు. మాస్టారి పాత పాలసీలో గది అద్దెకు పరిమితి లేదనుకుందాం. కంపెనీ చూపించిన కొత్తదాంట్లో రోజుకు 5,000 అని ఉంది. ఆయన 8,000 గదిలో చేరితే కోత పడేది మూడు వేల తేడా మీదే కాదు. గదినిబట్టి మారే డాక్టరు ఫీజులు, ఆపరేషన్ థియేటర్ చార్జీల్లాంటివాటిని కూడా అయిదుకి ఎనిమిది నిష్పత్తిలో కోస్తారు. అవి 2 లక్షలైతే చేతికొచ్చేది లక్షా 25 వేలు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల ఖర్చుకు ఈ కోత వర్తించకూడదు. ఇక 20 శాతం కో-పే ఉంటే ఒప్పుకున్న ప్రతి బిల్లులో అయిదో వంతు ఇంటి నుంచే పెట్టుకోవాలి. కాబట్టి ఉత్తరంలో కంపెనీ సూచించిన పాలసీకే తలూపకుండా, తమ దగ్గరున్న మిగతా పాలసీల్లో దేనికి మారవచ్చో అడగడం మంచిది.

వేరే కంపెనీకి పోర్ట్ అయ్యే దారి 2011 అక్టోబరు నుంచీ ఉంది. దరఖాస్తు గడువుకు 60 రోజుల ముందు నుంచి 45 రోజుల ముందు దాకా పెట్టుకోవాలని చాలా పాలసీ పత్రాలు చెబుతాయి. తొంభై రోజుల నోటీసును బీరువాలో పెట్టి మరిచిపోతే ఈ పక్షం రోజులూ జారిపోతాయి. పైగా కొత్త కంపెనీ ఒప్పుకుని తీరాలన్న నియమం లేదు. షుగరు, స్టెంటు ఉన్న అరవై ఏళ్ల మనిషిని అది కాదనవచ్చు. ఒప్పుకున్నట్టు రాతలో వచ్చేవరకూ పాతదాన్ని వదలకూడదు. పాలసీ మొత్తం 5 లక్షల నుంచి 10కి పెంచుకుంటే, పాత 5 లక్షలకూ దాని బోనస్‌కూ మాత్రమే నిండిన వెయిటింగ్ లెక్కలోకి వస్తుంది. పెంచిన భాగానికి మళ్లీ మొదటి నుంచే.

దరఖాస్తు నింపేటప్పుడే ఎక్కువ నష్టం జరుగుతుంది. పని తొందరగా అవుతుందని ఏజెంటు ఆరోగ్య ప్రశ్నలన్నిటికీ ‘లేదు’ అని టిక్ పెట్టేస్తే, పదకొండేళ్లు నిజాయతీగా కట్టిన మనిషి జబ్బు దాచినవాడైపోతాడు. ఓటీపీ చెప్పే ముందు నింపిన ఫారాన్ని మొత్తం చదవాలి.

గడువు దాటితే ఏడాది ప్రీమియం కట్టేవారికి 30 రోజుల గ్రేస్ ఉంటుంది. ఆలోపు కడితే పాలసీ కొనసాగింపు చెడదు గానీ, ఆ మధ్య రోజుల్లో ఆసుపత్రిలో చేరితే మాత్రం కవరేజీ ఉండదు.

నోటీసు ఇవ్వకుండా మార్చినా, వెయిటింగ్ మళ్లీ మొదటికి తెచ్చినా ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లోనూ నమోదు చేయవచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాంలకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. రేటు మరీ ఎక్కువైందన్న ఒక్క మాటతో వెళ్తే పెద్దగా ఫలితం ఉండకపోవచ్చు. పాత పాలసీ పత్రం, పదకొండేళ్ల రసీదులు, పెంపు గురించి కంపెనీ ఈమెయిల్లో ఇచ్చిన జవాబు పట్టుకెళ్తే ఫిర్యాదుకు బలం వస్తుంది.