వృషణం పైన నున్నటి గడ్డ: నీటి తిత్తా, క్యాన్సరా?

స్నానం చేస్తున్నప్పుడు వృషణం పైభాగాన బఠాణీ గింజంత గడ్డ చేతికి తగిలితే ఏ మగాడికైనా ముందు గుర్తొచ్చేది క్యాన్సరే. ఆ భయంతో కొందరు రాత్రికి రాత్రే ఆసుపత్రికి పరుగెడతారు. ఇంకొందరు సిగ్గుతో నెలల తరబడి ఎవరికీ చెప్పరు. ఇద్దరికీ తెలియాల్సిన ప్రశ్న ఒకటే: ఆ గడ్డ వృషణంలోనే ఉందా, వృషణానికి విడిగా ఉందా? డాక్టరు వేళ్ళు మొదట వెతికేది దీని జవాబునే.

ప్రతి వృషణానికీ వెనకవైపు ఎపిడిడిమిస్ అనే మెత్తని భాగం అంటుకుని ఉంటుంది. సాగదీస్తే సుమారు ఆరు మీటర్లుండే సన్నటి గొట్టం అక్కడ మెలికలు తిరిగి ముద్దగా ఉంటుంది. వృషణంలో తయారైన వీర్యకణాలు దాని గుండా వెళుతూ పరిపక్వమవుతాయి. ఈ గొట్టాల్లో ఎక్కడైనా ఉబ్బి ద్రవం నిండితే తిత్తి ఏర్పడుతుంది. తిత్తిలో వీర్యకణాలుండి ద్రవం పాలలా తెల్లగా ఉంటే స్పెర్మటోసీల్ అంటారు, తేటగా ఉంటే ఎపిడిడిమిస్ తిత్తి అంటారు. ఇది ఎందుకు వస్తుందో చాలామందిలో కారణం దొరకదు. అయితే రెండూ క్యాన్సర్ కావు, క్యాన్సర్‌గా మారవు.

ముప్పై నాలుగేళ్ళ వ్యక్తి ఒకరు కుడివైపు గడ్డ ఉందని యూరాలజిస్టు దగ్గరికి వచ్చారనుకుందాం. నొప్పి లేదు, రెండు నెలల్లో పెద్దగా పెరగలేదు. డాక్టరు ముందు బాగున్న ఎడమ వృషణాన్ని తాకి, ఈ మనిషిలో మామూలు వృషణం ఎలా ఉంటుందో తెలుసుకుంటారు. తర్వాత కుడి వృషణాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెల్లగా దొర్లిస్తారు. అది అన్నివైపులా నున్నగా, ఒకే మెత్తదనంతో ఉంది. గడ్డ దాని పైన, కాస్త వెనకగా, విడిగా కదులుతోంది. గడ్డకు పైన కూడా వేళ్ళు కలుస్తున్నాయి కాబట్టి పొట్టలోంచి జారిన హెర్నియా కాదు. గది చీకటి చేసి వెనకనుంచి టార్చి వేస్తే గడ్డ గుండా వెలుతురు ఎర్రగా వచ్చింది. లోపల ఉన్నది ద్రవం.

అయినా టార్చినే నమ్ముకోకూడదు. వృషణం చుట్టూ నీరు చేరే బుడ్డలో, అంటే హైడ్రోసీల్‌లో కూడా వెలుతురు ప్రసరిస్తుంది. ఆ నీటి వెనక వృషణంలో కణితి దాగి ఉండవచ్చు. వృషణం వేళ్ళకు అందనంతగా నీరు చేరినవాళ్ళకు ‘ఇది బుడ్డే’ అని చెప్పి పంపేయడం పొరపాటు. అలాంటివాళ్ళకు స్కాన్ తప్పనిసరి.

మన ఉదాహరణలోని వ్యక్తికీ అల్ట్రాసౌండ్ రాశారు. దీనికి ఇంజెక్షన్ గానీ, రేడియేషన్ గానీ ఉండవు. తెర మీద ఒకటిన్నర సెంటీమీటర్ల తిత్తి పలుచని గోడతో, లోపలంతా నల్లగా కనిపించింది. దాని వెనకభాగం మరింత తెల్లగా మెరిసింది. ద్రవం గుండా శబ్ద తరంగాలు సులువుగా పోవడమే అందుకు కారణం. డాప్లర్‌లో తిత్తి లోపల రక్తప్రవాహం లేదు. అన్నిటికంటే ముఖ్యంగా వృషణం పూర్తిగా సాధారణంగా ఉంది. వృషణ క్యాన్సర్ అయితే గడ్డ వృషణం లోపల ఉంటుంది, గట్టిగా ఉంటుంది, చాలాసార్లు డాప్లర్‌లో రక్తనాళాలు కనిపిస్తాయి. నొప్పి లేకపోవడం భరోసా కాదు. క్యాన్సర్ గడ్డ కూడా చాలామందిలో నొప్పి లేకుండానే మొదలవుతుంది, ముఖ్యంగా 15 నుంచి 40 ఏళ్ళ లోపు వయసులో.

స్కాన్‌లో అలాంటిది కనిపిస్తే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అనే రక్తపరీక్షలు చేస్తారు. అవి మామూలుగా వచ్చినా క్యాన్సర్ లేదని తేలినట్టు కాదు. అనుమానం బలంగా ఉంటే వృషణ సంచిలోంచి సూది గుచ్చి ముక్క తీయరు. కణాలు ఆ దారిలో చర్మంలోకి వెళ్ళే ప్రమాదం ఉంది గనుక గజ్జల దగ్గర కోసి వృషణాన్నే తీసి పరీక్షిస్తారు. సమయానికి పట్టుకుంటే నయమయ్యే క్యాన్సర్లలో ఇది ముందు వరసలో ఉంటుంది.

తిత్తి అని తేలినవారికి చాలావరకు మందూ ఆపరేషనూ అక్కర్లేదు. సూదితో నీరు లాగితే మళ్ళీ నిండుతుంది, ఇన్ఫెక్షన్ కూడా రావచ్చు. లాగేలా బరువుగా, నొప్పిగా, పెద్దదిగా ఉంటేనే ఆపరేషన్ ఆలోచిస్తారు. అందులో ఎపిడిడిమిస్ గొట్టం దెబ్బతిని ఆ వైపు వీర్యకణాల దారి మూసుకుపోవచ్చు కాబట్టి పిల్లలు కావాలనుకునేవారు తొందరపడకూడదు.

గడ్డ వృషణంలోనే ఉన్నట్టు అనిపించినా, అది గట్టిపడినా, పెరుగుతున్నా ఈ వారంలోనే యూరాలజిస్టుకు చూపించండి. విడిగా, నున్నగా ఉన్నా ఒక్కసారి పరీక్ష, స్కాన్ చేయించుకుని తేల్చుకోండి. హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే మాత్రం వృషణం మెలిపడి ఉండవచ్చు. అప్పుడు గంటలు లెక్క, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్ళండి.