మూత పెట్టిన ఇనుప దాకలో మూడు గంటలు

ఓవెన్ మీటను 150 దగ్గరికి తిప్పి, మాంసం దాక లోపల పెట్టగానే ఆ మాంసం 150 డిగ్రీల వేడిలో ఉడుకుతోందని అనుకుంటాం. దాకలో నీళ్ళు ఉన్నంతసేపూ అలా జరగదు. నీళ్ళు 100 డిగ్రీల దగ్గర ఆవిరైపోతాయి కాబట్టి పులుసు అంతకు మించి వేడెక్కదు. 150 మీద పెట్టిన ఓవెన్‌లో, బిగువైన మూత కింద పులుసు 95 డిగ్రీల చుట్టుపక్కల ఉండి, అక్కడో బుడగ ఇక్కడో బుడగ లేస్తూ ఉంటుంది. మనకు కావలసింది ఆ మెల్లని మరుగే. మీట మీది అంకెను ఆ మరుగును నిలబెట్టే పగ్గంలా చూస్తే చాలు.

ఇంత మెల్లగా ఎందుకంటే, గొర్రె జబ్బలోనూ కాళ్ళలోనూ కండ పోగుల మధ్య తెల్లటి పొరలు, నరాల్లాంటి పట్టీలు దట్టంగా అల్లుకుని ఉంటాయి. వాటిలో ఉండే కొలాజెన్ అనే మాంసకృత్తు వల్లే ఆ ముక్క గట్టిగా ఉంటుంది. తడి ఉన్నచోట గంటల తరబడి వేడి తగిలితే అది కరిగి జెలటిన్‌గా మారుతుంది. పులుసుకు చిక్కదనం, వేళ్ళకు అంటుకునే జిగురు దాని నుంచే వస్తాయి. ఈ మార్పు 60 డిగ్రీల దగ్గరే మొదలైనా, 80 దాటాకే చెప్పుకోదగ్గ వేగం అందుకుంటుంది. అప్పుడు కూడా నిమిషాల్లో తేలదు. ఈలోగా కండ పోగులు ముడుచుకుని తమలోని నీటిని వదిలేస్తాయి. అందుకే గంటన్నర దగ్గర మూత తీసి చూస్తే మాంసం పచ్చిదానికన్నా బిరుసుగా కనిపిస్తుంది. ఎక్కువ ఉడికి పాడైందని చాలామంది అక్కడే దించేస్తారు. అది ఇంకా ఉడకకపోవడం వల్ల వచ్చిన బిరుసు. మరో గంట ఆగితే కొలాజెన్ కరిగి, అవే పోగులు జిగురులో తడిసి విడివిడిగా జారిపోతాయి.

ఈ పని పొయ్యి మీదా చేయవచ్చు. కాకపోతే అక్కడ వేడి అడుగు నుంచే వస్తుంది. మసాలా అడుగంటకుండా ఎవరో ఒకరు దగ్గరుండి కలుపుతూ ఉండాలి. ఓవెన్‌లో వేడి దాకను అన్ని వైపుల నుంచీ చుట్టుకుంటుంది. హైదరాబాదీ దమ్‌లో మూత మీద నిప్పులు పరిచేదీ ఇందుకే. బరువైన పోత ఇనుప దాక ఓవెన్‌లోని ఎగుడుదిగుళ్ళను తాను మింగేసి, లోపలి పులుసుకు నిలకడైన వేడిని అందిస్తుంది. దాని బరువైన మూతకు తగిలిన ఆవిరి నీళ్ళయి మళ్ళీ మాంసం మీదే పడుతుంది. మూత వదులుగా ఉంటే ఆవిరితో పాటు వేడీ పోతుంది, పులుసూ ఇగిరిపోతుంది. అలాంటి దాకకు మూత కింద ఒక ఫాయిల్ కాగితం పరిచి బిగిస్తే సరిపోతుంది.

ఎముకతో ఉన్న కిలోన్నర గొర్రె జబ్బను తీసుకుందాం. పెద్ద ముక్కలుగా, ఒక్కోటీ పిడికిలంత ఉండేలా కొట్టించాలి. కూరకు కొట్టించే చిన్న ముక్కలు ఇంతసేపు ఉంటే పీచుపీచుగా విడిపోతాయి. ఉప్పు పట్టించి, వీలైతే రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. వండే ముందు పైతడిని గుడ్డతో పూర్తిగా ఒత్తేయాలి. తడి ఉంటే నూనెలో వేసినప్పుడు ఆ నీరు ఆవిరయ్యేదాకా ముక్క ఎర్రబడదు. దాకలో నూనె బాగా కాగాక నాలుగైదు ముక్కల చొప్పున వేసి, అన్ని వైపులా ముదురు గోధుమ రంగు వచ్చేదాకా కాల్చాలి. ఇలా కాలిస్తే రసం లోపలే బందీ అవుతుందని ఒక నమ్మకం ఉంది. అది నిజం కాదు, రసం ఎలాగూ కొంత బయటికొస్తుంది. మనం కాల్చేది రుచి కోసం. 100 డిగ్రీల పులుసులో మునిగిన మాంసానికి ఆ కమ్మని కాలిన రుచి తర్వాత ఎప్పటికీ రాదు, కాబట్టి ఈ అడుగు తొందరపడి దాటేయకూడదు.

ముక్కలు తీసి, అదే నూనెలో మూడు పెద్ద ఉల్లిపాయలు, అల్లం వెల్లుల్లి, మసాలా దినుసులు, రెండు టమాటాలు వేయించాలి. కొద్దిగా నీళ్ళు పోసి అడుగున అంటుకున్నదంతా గీరి కలపాలి. మాంసం మళ్ళీ పెట్టి, ముక్కల్లో సగం ఎత్తు వరకే నీళ్ళు పోయాలి. మునిగేలా పోస్తే రుచి పలచబడుతుంది. మాంసం నుంచి ఇంకా రసం దిగుతుంది కూడా. పొయ్యి మీదే ఒక పొంగు రానిచ్చి, మూత పెట్టి 150 డిగ్రీల ఓవెన్‌లోకి తోయాలి. చల్లటి దాకను పెడితే ఆ ఇనుము వేడెక్కడానికే చాలాసేపు పోతుంది. అమెరికాలోని మనవాళ్ళ ఓవెన్లలో ఇది ఫారెన్‌హీట్ లెక్కన 300. ఫ్యాన్ తిరిగే ఓవెన్ అయితే 20 సెల్సియస్ డిగ్రీలు తగ్గించాలి.

అరగంట తర్వాత ఒకసారి మూత ఎత్తి చూడాలి. పులుసు కుతకుతలాడుతుంటే మీటను పది పదిహేను డిగ్రీలు దించాలి, బొత్తిగా కదలిక లేకపోతే అంతే పెంచాలి. ఓవెన్ మీటలు తరచు తప్పు చూపిస్తాయి, పులుసు మాత్రం ఉన్నదున్నట్టు చూపిస్తుంది. గంటన్నరకు ముక్కలు తిప్పి, రెండున్నర గంటల నుంచి పరీక్ష మొదలుపెట్టాలి. ఫోర్కు గుచ్చి మెలితిప్పితే పోగులు అడ్డుపడకుండా విడిపోవాలి, ఎముక కదలాలి. థర్మామీటరు ఉంటే ముక్క మధ్యలో 90కి పైన చూపించాలి. సాధారణంగా మూడు గంటలకు అక్కడికి చేరుతుంది. మన ఊళ్ళలో మటన్ పేరుతో ఎక్కువగా దొరికే మేకపోతు మాంసం ముదురుదైతే మరో అరగంటో గంటో పడుతుంది. ఫ్రాన్సులో గొర్రె తొడను కోయకుండా మొత్తంగా, ఇంకా తక్కువ వేడి మీద ఏడు గంటలు ఉంచి, గరిటెతో వడ్డిస్తారు. ఆ వంటకం పేరే ఏడుగంటల తొడ.

కోడికి ఈ లెక్క పనికిరాదు. బ్రాయిలర్ కోడి కొన్ని వారాల పిల్ల, దానిలో కరగాల్సినంత కొలాజెన్ లేదు. తొడలు, కాళ్ళు ఎముకతో తీసుకుంటే 160 డిగ్రీల్లో 50 నిమిషాల నుంచి గంట చాలు. 74 డిగ్రీలకే అది తినడానికి సురక్షితం, కానీ తొడ మాంసం 85 దగ్గర ఇంకా మెత్తగా ఉంటుంది. రొమ్ము మాంసంలో కరిగే పొరలు దాదాపు లేవు. ఎక్కువసేపు ఉంచితే ఎంత పులుసులో మునిగి ఉన్నా నోట్లో పొడిపొడిగా తగులుతుంది, దాన్ని ఈ వంటకు వాడకపోవడమే మంచిది. నాటుకోడి సంగతి వేరు. ఏడాది దాటిన పుంజుకు 150 మీద రెండు గంటలైనా, ఒక్కోసారి ఇంకా ఎక్కువైనా ఇవ్వాలి. ఫ్రెంచివాళ్ళ కోకోవాన్, ద్రాక్షసారాలో వండే కోడి, ముదురు పుంజుల కోసం పుట్టిన వంటే.

పెరుగు వేసే అలవాటున్నవాళ్ళు దాన్ని మొదట్లో వేయకూడదు, ఇన్ని గంటల వేడికి విరిగిపోతుంది. దించాక, పులుసు కాస్త చల్లారినప్పుడు చిలికి కలుపుకోవాలి.

దించిన వెంటనే ముక్కలు కదపకుండా అరగంట పులుసులోనే ఉంచితే మంచిది. ఆ తర్వాత ముక్కలు తీసి, పైకి తేలిన కొవ్వును గరిటెతో తీసేసి, పులుసును పొయ్యి మీద గరిటె వెనక పట్టుకునే చిక్కదనానికి ఇగర్చాలి. ఉప్పు అప్పుడే చివరగా సరిచూడాలి, ఎందుకంటే ఇగిరేకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది. మర్నాటికి వండుకునేవాళ్ళయితే కొవ్వు తీసే పని కూడా ఉండదు. వెడల్పు గిన్నెల్లోకి మార్చి త్వరగా చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి. పొద్దున్నకి కొవ్వు పైన గట్టి పలకలా పేరుకుంటుంది, దాన్ని ఎత్తి తీసేయవచ్చు. కింద పులుసు జెల్లీలా కదిలితే కొలాజెన్ బాగా దిగిందన్నమాట. దాన్ని మళ్ళీ దాకలోకి వంచి, మూత పెట్టి, పులుసు అంతా పొగలు కక్కేదాకా మెల్లగా వేడిచేసి వడ్డించుకోవాలి.