‘చూశాను, ఏమీ లేదు’ అంటే సరిపోదు

2010 ఫిబ్రవరిలో వారణాసిలోని ఒక హోటల్ గదిలో ఇటలీ పర్యాటకుడొకరు చనిపోయారు. అదే గదిలో ఉంటున్న ఇద్దరు స్నేహితులే గొంతు నులిమి చంపారని పోలీసుల ఆరోపణ. తాము తెల్లవారుజామున నాలుగు గంటలకే గంగ ఒడ్డున సూర్యోదయం చూడటానికి వెళ్లామని, తిరిగొచ్చేసరికి అతను స్పృహలో లేడని వాళ్ల వాదన. ఎవరిది నిజమో తేల్చే సాక్షి అక్కడే ఉంది. రిసెప్షన్ దగ్గరా, మూడు అంతస్తుల్లోనూ సీసీ కెమెరాలున్నాయని హోటల్ మేనేజరే కోర్టులో చెప్పాడు.

మరి ఆ వీడియో ఏది? ఆ రాత్రి రికార్డింగు మొత్తం చూశాననీ, పనికొచ్చేదేమీ కనిపించక కేసు డైరీలో రాయలేదనీ దర్యాప్తు అధికారి చెప్పాడు. కింది కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది, హైకోర్టు సమర్థించింది. 2015 జనవరిలో సుప్రీంకోర్టు ఇద్దరినీ నిర్దోషులుగా వదిలిపెట్టింది. వాళ్లు బయటికి వెళ్లారో లేదో చెప్పగల అత్యుత్తమ సాక్ష్యాన్ని దాచిపెడితే, అది పోలీసులకే ప్రతికూలంగా ఉండేదని అనుకోవచ్చని తీర్పులో రాసింది. నిజానికి ‘ఏమీ లేదు’ అన్నది కూడా సాక్ష్యమే. నాలుగు గంటలకు ఆ గది వైపు నుంచి ఎవరూ బయటికి రాకపోతే నిందితుల మాట అబద్ధమని తేలేది.

ఇలాంటి వీడియో ఎక్కువకాలం ఆగదు. కెమెరాల బొమ్మలన్నీ డీవీఆర్ అనే పెట్టెలోని హార్డ్ డిస్కులోకి వెళతాయి. ఒక్కో కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున ఆగకుండా రికార్డు చేస్తే రోజుకు సుమారు 21 జీబీ అవుతుంది. ఎనిమిది కెమెరాలుంటే 1 టీబీ డిస్కు ఆరు రోజుల్లోపే నిండిపోతుంది. ఆ తర్వాత పాతదాని మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. కేవలం తొలగించిన ఫైలును ల్యాబులో కొన్నిసార్లు వెలికితీయొచ్చు గానీ, పైన మరొకటి రాసేస్తే ఇక దొరకదు. అందుకే ఫుటేజీ కావాలనుకున్నవాళ్లు తేదీ, సమయం, ఏ కెమెరా అన్నది రాసి, భద్రపరచమని వెంటనే లేఖ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. నోటిమాటగా అడిగితే, అడిగినట్టు రుజువేముంటుంది?

తీసేటప్పుడు మొదట చూడాల్సింది డీవీఆర్ గడియారం. అది ఏడు నిమిషాలు ముందుంటే తెర మీది 4.07 నిజానికి 4 గంటలే. ఆ తేడాను పంచనామాలో రాయకపోతే వీడియో అసలుదైనా కథ తారుమారవుతుంది. తెరను సెల్‌ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపడం మన దగ్గర మామూలైపోయింది. దానివల్ల స్పష్టత తగ్గడమే కాదు, అసలు ఫైలులోని సమయ వివరాలూ పోతాయి. డిస్కునే సీలు చేసి తీసుకెళ్లడమో, రికార్డరు సొంత ఫార్మాట్‌లోనే ఫైలు కాపీ చేయడమో సరైన పద్ధతి. ల్యాబులో డిస్కు మీద కొత్తగా ఏదీ రాయకుండా అడ్డుకునే పరికరం పెట్టి నకలు తీస్తారు.

ఆ నకలుకు హ్యాష్ విలువ లెక్కిస్తారు. ఫైలు మొత్తాన్ని గణించగా వచ్చే అంకెలూ అక్షరాల వరుస అది. ఒక్క ఫ్రేము మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. అయితే నకలు తీశాక ఫైలు మారలేదని మాత్రమే హ్యాష్ చెబుతుంది. అంతకుముందే ఎవరైనా కత్తిరించి ఉంటే దానికి తెలియదు. అందుకు ఫ్రేముల వరుసనూ రికార్డరు లాగ్‌నూ పరిశీలించాలి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం నకలు వెంట రెండు భాగాల ధ్రువపత్రం ఉండాలి. మొదటిది రికార్డరును నిర్వహించేవారిది, రెండోది నిపుణుడిది. హ్యాష్ విలువను అందులో రాయాలి.

ఖాళీ కనిపించిన ప్రతిచోటా కుట్ర ఉండదు. కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా పెట్టిన కెమెరా రాత్రంతా ఊరకే ఉండొచ్చు, కరెంటు పోయి ఉండొచ్చు. చాలా డీవీఆర్లు ఎప్పుడు ఆగాయో, ఎవరు లాగిన్ అయ్యారో, డిస్కును ఎప్పుడు ఫార్మాట్ చేశారో లాగ్‌లో రాసుకుంటాయి. కరెంటు పోతే ఆ రికార్డరుకున్న కెమెరాలన్నీ ఒకేసారి ఆగాలి. ఒక్క కెమెరాలో, అదీ సరిగ్గా ఆ అరగంటే లేకపోతే అనుమానం రాక తప్పదు.

2020 జూన్‌లో తమిళనాడులోని సాత్తాన్‌కుళం పోలీసులు అరెస్టు చేసిన తండ్రీకొడుకులు చనిపోయినప్పుడు విచారణకు వెళ్లిన మేజిస్ట్రేటుకు స్టేషన్లో ఆ రోజు వీడియోలు దొరకలేదు. డిస్కులో 1 టీబీ చోటున్నా, రికార్డింగు ఏ రోజుకారోజు చెరిగిపోయేలా అమర్చి ఉందని ఆయన హైకోర్టుకు నివేదించారు. అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు పోలీసు స్టేషన్ల రికార్డింగులను 18 నెలలు దాచాలని, అంత సామర్థ్యమున్న పరికరాలు దొరక్కపోతే ఏడాదికి తగ్గకూడదని ఆదేశించింది.