పెళ్లిరోజున భార్యకు ఒక్క పేజీ

1996 ఎండాకాలంలో పెళ్లయిన జంటలకు ఈ ఏడాదితో ముప్పై ఏళ్లు నిండుతున్నాయి. వాళ్ల పెళ్లిళ్లనాటికి మన ఊళ్లలోకి సెల్‌ఫోన్లు రాలేదు. ఆషాఢానికి కొత్త కోడలు పుట్టింటికి వెళితే అటూ ఇటూ ఇన్‌లాండ్ లెటర్లు నడిచేవి. ఆ మగవాళ్లంతా ఒకప్పుడు భార్యకు ఉత్తరాలు రాసినవాళ్లే. ఒకే కప్పు కింద కాపురం కుదురుకున్నాక ఆ అవసరం పోయింది. ఇప్పుడు పెళ్లిరోజుకు ఒక పేజీ రాసి ఇద్దామని కూర్చుంటే మొదటి వాక్యం దగ్గరే పెన్ను ఆగిపోతుంది. మనసులో లేక కాదు, ఉన్నదాన్ని ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తోచక.

కోనసీమలో కొబ్బరితోట ఉన్న నా మిత్రుడికి ఈ మే నెలలో సరిగ్గా ఇదే ఎదురైంది. రాసిన కాగితం తెచ్చి చూపించాడు. ‘నా జీవితంలో వెలుగు నింపిన దేవతకు’ అని మొదలైంది. కష్టసుఖాల్లో తోడున్నావు, నువ్వు లేనిదే నేను లేను, ఏడేడు జన్మలకూ నువ్వే నా భార్యగా రావాలి అంటూ సాగింది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా చదివితే ఆ మనిషీ కనిపించలేదు, ఆయన భార్యా కనిపించలేదు.

ఇలాంటి ఉత్తరానికి ఒక పరీక్ష ఉంది. పేర్లు కొట్టేసి పక్కింటాయన చేతికిస్తే, ఆయన కూడా దాన్ని తన భార్యకు ఇచ్చుకోగలడా? ఇవ్వగలిగితే ఆ ఉత్తరం ఇంకా రాయనట్టే. నా మిత్రుడి కాగితం ఏ ఇంటికైనా సరిపోతుంది. ‘దేవత’ అనే మాటతో ఇంకో చిక్కు కూడా ఉంది. దేవతకు కష్టం తెలియదు, సందేహం ఉండదు, ఆలోచించి నిర్ణయం తీసుకోవలసిన పని ఉండదు. ముప్పై ఏళ్లు ఆలోచించి ఇల్లు నడిపిన మనిషిని ఆ మాట కనపడకుండా చేస్తుంది.

కాగితం పక్కన పెట్టించి ఒక్కటే అడిగాను: ‘ఆవిడ చేసిన ఏ పని వల్ల మీ బతుకు దారి మారింది?’

కాసేపు మాట్లాడలేదు. తర్వాత తుపాను సంగతి చెప్పాడు. పెళ్లయిన ఆరు నెలలకు, 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుపాను కొట్టింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. ఆయనకున్న రెండెకరాల తోటలోనూ నిలబడ్డ చెట్లు కొద్దే. మళ్లీ మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. పొలం అమ్మేసి హైదరాబాదు పోయి ఏదో ఒక పని చూసుకుందామన్నాడు. ఆవిడ తోటంతా తిరిగి వచ్చి ఒక మాట అందట: ‘చెట్లు పడ్డాయి గానీ నేల ఎక్కడికీ పోలేదు కదండీ. ఇప్పుడు ఎండ బాగా పడుతుంది, అరటి వేద్దాం.’

ఉత్తరానికి కావలసింది ఇదీ. ఆవిడ ఓర్పును పొగిడితే ఆ పొగడ్త ఎవరికైనా చెల్లుతుంది. పడిపోయిన తోటలో ఎండను చూసిన చూపు ఆవిడదొక్కతెదే. భార్యకు రాసేటప్పుడు మగవాళ్లు సాధారణంగా ఆమె చేసిన సేవకు కృతజ్ఞత చెప్పి ఆగిపోతారు. వండి పెట్టావు, పిల్లల్ని పెంచావు, మా అమ్మను చూసుకున్నావు అంటారు. అవీ చెప్పదగ్గవే. కానీ ఆమె తెలివిని, తీసుకున్న నిర్ణయాన్ని గుర్తించి రాస్తే, ఇన్నేళ్లూ తనను చూస్తూనే ఉన్నాడని ఆమెకు తెలుస్తుంది.

జరిగిన సంగతి ఒక్కటే చాలు. ముప్పై ఏళ్లూ ఎక్కించబోతే ఉత్తరం జాబితా అవుతుంది. ఆ ఒక్కదాన్నీ నెల, చోటు, ఆమె అన్న మాటతో సహా రాయాలి. దానివల్ల ఏం జరిగిందో చెప్పాలి. తర్వాత ఈనాటికి రావాలి. పాత సంగతి దగ్గరే ఆగిపోతే, ఒకప్పటి మనిషిని మెచ్చుకుని ఎదురుగా ఉన్న మనిషిని వదిలేసినట్టు ఉంటుంది. కాబట్టి ఈమధ్య ఆమెలో గమనించింది ఒకటి ఉండాలి. చివర్లో జన్మజన్మల మాట బదులు, ఈ ఏడాదిలోనే చేయగలిగిన పని ఒకటి.

క్షమాపణ చెప్పదలచినవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. ‘ఏమైనా తప్పులు చేసి ఉంటే మన్నించు’ అంటే ఏమీ చెప్పనట్టే. ఆ తప్పులేవో వెతుక్కునే పని కూడా ఆమె మీదే పడుతుంది. చెబితే ఫలానాది అని ఒక్కటి చెప్పాలి, సంజాయిషీ జోడించకూడదు. అలా చెప్పలేకపోతే పెళ్లిరోజు ఉత్తరంలో ఆ ఊసు ఎత్తకపోవడం మేలు.

ఇక భాష. ఇంట్లో మాట్లాడే మాటే రాయాలి. నా మిత్రుడు భార్యను ‘ఏమోయ్’ అని పిలుస్తాడు. రెండోసారి రాసిన ఉత్తరం ఆ పిలుపుతోనే మొదలైంది. ఆయన, ఆవిడ ఇద్దరూ ఒప్పుకున్నాక ఇక్కడ ఇస్తున్నాను.

‘ఏమోయ్,

తుపాను పోయిన తర్వాత పొలం అమ్మేద్దామని నేనన్నప్పుడు నువ్వు నాతో వాదించలేదు. తోటంతా తిరిగి వచ్చి, ఎండ బాగా పడుతుంది, అరటి వేద్దామన్నావు. అప్పటికి నువ్వు ఈ ఇంటికి వచ్చి ఆరు నెలలు. కొబ్బరి మొక్క కాపుకొచ్చేదాకా అరటి, కంద మనల్ని నిలబెట్టాయి. ప్రతి గెల లెక్కా పిల్లల నోటుబుక్కుల్లో మిగిలిన కాగితాల మీద నువ్వే రాశావు. కొత్త చెట్ల మీద మొదటి దింపు తీసిన రోజు ఊళ్లో అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆ తోట నిలబడింది నీ ఆలోచన వల్ల. ఇది నాకు ఎప్పుడూ తెలుసు. నీకు కాగితం మీద రాసి ఇవ్వాలనిపించింది.

ఇప్పటికీ రాత్రిపూట గాలి లేస్తే నాకంటే ముందు నువ్వే లేచి వాకిట్లోకి వెళతావు. చెట్ల వంక చూసి వచ్చి, ఏం లేదు పడుకోండి అంటావు. ఆ మాట విన్నాకే నాకు నిద్ర పడుతుంది.

మోకాళ్ల నొప్పితో దింపు రోజున ఎండలో నిలబడి కాయలు లెక్కపెడుతున్నావు. వచ్చే దింపు నుంచి నీ పక్కన నిలబడి నేను లెక్కపెడతాను, నువ్వు కుర్చీలో కూర్చుని రాయి. నీ లెక్కే లెక్క.’

కింద సంతకం, తేదీ. అంతే. ‘ప్రేమ’ అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. రాయాలనిపిస్తే రాయొచ్చు, తప్పేమీ లేదు. ఈ ఉత్తరానికి దాని అవసరం పడలేదు.

ఇచ్చే పద్ధతి కూడా ముఖ్యమే. ఇలాంటిది కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెడితే అందరికీ అభినందనలు చెప్పే పనవుతుంది, ఆమె చదువుకునే తీరిక పోతుంది. చేత్తో రాయండి, అక్షరాలు కాస్త పెద్దవిగా రాయండి. చుట్టాలు వచ్చే వేళకు ముందో, వెళ్లిపోయాకో ఇవ్వండి. చదువు రాని ఇల్లాలైతే పక్కన కూర్చుని మీరే చదివి వినిపించండి, ఆ పని పిల్లలకు అప్పజెప్పకండి. చదివాక ఆమె ఏమన్నా, అనకపోయినా సరే. జవాబు కోసం ఒత్తిడి చేయకండి.

మీ ఇంట్లోనూ ఇలాంటి సంగతి ఒకటి ఉండే ఉంటుంది. ఊరంతా మిమ్మల్ని మెచ్చుకున్న పని వెనక ఆమె ఆలోచన ఏదో ఉండి ఉంటుంది. పెళ్లిరోజుకు వారం ముందే దాన్ని గుర్తు చేసుకుని, ఒక్క పేజీలో ఆమెకు రాసి ఇవ్వండి.