ముందే మిగుల్చుకున్న మూడున్నర నిమిషాలు

మారథాన్ పూర్తిచేసినవాళ్లు మెడల్‌తో ఫొటో దిగి, ఫినిష్ టైమ్ చూసుకుని సంతోషపడో నిట్టూర్చో ఊరుకుంటారు. అసలు చదవాల్సింది దాని కింద ఉంటుంది. దారిలో పరిచిన టైమింగ్ మ్యాట్‌లను దాటినప్పుడల్లా బిబ్‌కి ఉన్న చిప్ నమోదు చేసిన సమయాలవి. వాటిని స్ప్లిట్స్ అంటారు. వచ్చే రేసులో మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగం పట్టుకోవాలా, లేక మొదటి సగం కాస్త తగ్గి రెండో సగం వేగంగా ముగించాలా అన్నది తేల్చుకోవడానికి అంతకన్నా మంచి ఆధారం లేదు. ఈ రెండో పద్ధతినే నెగటివ్ స్ప్లిట్ అంటారు.

నాకు తెలిసిన ఒక బ్యాంకు ఉద్యోగి ముంబై మారథాన్‌ని 4 గంటల 30 నిమిషాల్లో ముగించాలనుకున్నాడు. 42.195 కిలోమీటర్లకు లెక్కవేస్తే కిలోమీటరుకు 6 నిమిషాల 24 సెకన్లు, అంటే ప్రతి ఐదు కిలోమీటర్లకు 32 నిమిషాలు. చివరికి అతనికి పట్టింది 4:41:30. ఐదేసి కిలోమీటర్ల లెక్క ఇదీ:

0–5: 30:50
5–10: 30:55
10–15: 31:10
15–20: 31:30
20–25: 32:05
25–30: 33:20
30–35: 36:10
35–40: 38:20
చివరి 2.195: 17:10

మొదటి 20 కిలోమీటర్లలో ప్లాన్ కంటే మూడున్నర నిమిషాలు ముందున్నాడు. మన రన్నర్లు దీన్ని ‘టైమ్ బ్యాంకులో వేసుకోవడం’ అంటారు. ఆ తర్వాత అతను పోగొట్టుకున్నది పదిహేను నిమిషాలు. ఏ బ్యాంకూ ఇంత వడ్డీ గుంజదు, అతను పనిచేసే బ్యాంకుతో సహా.

తప్పు పెడ్డర్ రోడ్ ఎక్కుడుదని అతని వాదన. తిరుగు దారిలో, కాళ్లు లాగేస్తున్న వేళ వచ్చే ఆ ఎత్తు ముంబైలో పరిగెత్తిన ప్రతివాడికీ గుర్తుంటుంది. కానీ స్ప్లిట్స్ ఆ మాట ఒప్పుకోవు. ఎత్తే కారణమైతే ఆ ఒక్క ముక్కలో సమయం పెరిగి, దిగాక మళ్లీ దారికి రావాలి. ఇక్కడ వేగం రెండో ఐదు కిలోమీటర్ల నుంచే మెల్లగా జారుతోంది. 25 దాటాక జారుడు పెద్దదైంది, ఎత్తు దిగిపోయాక కూడా ఆగలేదు. చివరి రెండు కిలోమీటర్లు చదునైన రోడ్డు మీదే కిలోమీటరుకు దాదాపు 7:50కి పడిపోయాడు.

గుండె వేగం చూస్తే ఇంకొంచెం తెలుస్తుంది. అతని వాచీ ప్రకారం మొదట్లో 152 ఉన్నది 30 దగ్గర 166కి చేరింది. 35 తర్వాత పేస్ పడిపోతూ ఉంటే గుండె వేగమూ 160కి దిగింది. ఎండ ఒక్కటే కారణమైతే పేస్ తగ్గినా గుండె వేగం పైనే ఉండిపోవాలి. రెండూ కలిసి దిగాయంటే ఇంధనం అయిపోయిందనో, తొడ కండరాలు మొరాయించాయనో అనుమానించాలి. ఒంట్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ సుమారు 2,000 కేలరీలు. 70 కిలోల మనిషికి మారథాన్‌లో ఖర్చయ్యేది మూడువేలకు దగ్గర. మిగతాది కొవ్వు నుంచి, దారిలో తిన్న జెల్ నుంచి రావాలి. వేగం పెరిగేకొద్దీ ఒళ్లు కొవ్వు వాటా తగ్గించి గ్లైకోజెన్‌నే ఎక్కువ వాడుకుంటుంది. మొదటి గంటలో కిలోమీటరుకు పద్నాలుగు సెకన్లు ఎక్కువ వేగంగా పోవడం అప్పుడు హాయిగానే అనిపిస్తుంది, బిల్లు మూడు గంటల తర్వాత వస్తుంది.

ఇక్కడ ఒక ప్రశ్న మిగిలింది. పేసింగ్ తప్పా, టార్గెటే తప్పా? పీట్ రీగెల్ అనే అమెరికన్ ఇంజినీరు సూత్రం ప్రకారం హాఫ్ మారథాన్ టైమ్‌ని సుమారు 2.085తో హెచ్చవేస్తే ఫుల్ అంచనా వస్తుంది. ఇతని హాఫ్ 2:10. హెచ్చవేస్తే 4:31. వారానికి పరిగెత్తే కిలోమీటర్లు తక్కువైన వాళ్లకు ఈ సూత్రం ఉదారంగా లెక్క చెబుతుంది. అందుకే ప్రాక్టీసులో ఒక పరీక్ష పెట్టుకోవాలి: 28 కిలోమీటర్ల లాంగ్ రన్‌లో మొదటి 16 తీరుబడిగా, చివరి 12 రేసు పేస్‌లో. ఆ 12లో కిలోమీటరుకు పది సెకన్లకు మించి జారిపోతుంటే ఏ స్ప్లిట్ పద్ధతీ కాపాడదు, టార్గెట్ మార్చాల్సిందే.

పరీక్ష నెగ్గాడనే అనుకుందాం. ఇప్పుడు ఎంపిక. కాగితం మీద తేడా నవ్వొచ్చేంత చిన్నది. సమానంగా అయితే రెండు సగాలూ 2:15. నెగటివ్ స్ప్లిట్‌గా 2:16, 2:14 అనుకుంటే పేస్ 6:27, ఆ తర్వాత 6:21. వాచీలో కిలోమీటరుకు ఆరు సెకన్ల తేడా గుంపులో కనిపించను కూడా కనిపించదు. కాబట్టి ఏ ప్లాన్ గెలిస్తే ఎంత లాభమని కాక, ఏది విఫలమైతే ఎంత నష్టమని అడగాలంటాను.

ఇలా వేసి చూడండి. మొదటి 5 కిలోమీటర్లు 33 నిమిషాలు, అక్కడి నుంచి 30 దాకా కచ్చితంగా 6:24. అక్కడికి 3:13:00 అవుతుంది. సత్తువ మిగిలితే చివరి 12.195ను 6:19 పేస్‌తో లాగి 4:30కి చేరొచ్చు. మిగలకపోతే 6:24నే పట్టుకుంటే 4:31. ప్లాన్ తప్పినా పోయేది ఒక్క నిమిషం. వేగంగా మొదలుపెట్టిన పాపానికి అతను కట్టింది పదకొండున్నర.

అలాగని రెండో సగం బాగా వేగంగా రావడమూ గొప్ప కాదు. హాఫ్ 2:22లో దాటి రెండో సగం 2:12లో ముగించినవాడు ముందు సగంలో నిమిషాలు వదిలేసుకున్నాడని అర్థం.

ఛాంపియన్ల ఉదాహరణలు చెప్పేటప్పుడూ ఆగి ఆలోచించాలి. 2018 బెర్లిన్‌లో కిప్చోగే 61:06, 60:33తో ప్రపంచ రికార్డు కొట్టాడు. 2022లో అదే ఊళ్లో 59:51, 61:18తో ఆ రికార్డును తనే బద్దలు కొట్టాడు. 2023 షికాగోలో కెల్విన్ కిప్టుమ్ 60:48, 59:47తో దాన్నీ దాటాడు. అంటే రికార్డులు రెండు విధాలుగానూ వచ్చాయి, తేడా మాత్రం నిమిషంన్నర దాటలేదు. వీళ్లంతా ఎండ ముదిరేలోపే ఇంటికి చేరే మనుషులు. నాలుగున్నర గంటల రన్నర్‌కి ముంబైలోనైనా, ఆగస్టు హైదరాబాద్‌లోనైనా రెండో సగమంతా పొద్దెక్కాకే. హైదరాబాద్‌లో పైగా ఫ్లైఓవర్లు. అక్కడ శ్రమను సమానంగా ఉంచితే గడియారంలో రెండో సగం రెండు మూడు నిమిషాలు ఎక్కువే వస్తుంది, అది తప్పు పేసింగ్ కాదు. అలాంటి రేసుకి నెగటివ్ స్ప్లిట్‌ని టార్గెట్‌గా రాసుకోవద్దనే నా అభిప్రాయం. నెమ్మదిగా మొదలుపెట్టి సమానంగా నడిపించడం చాలు.

ఇంకొక్క జాగ్రత్త. మలుపుల్లో పక్కకు జరుగుతూ పరిగెత్తడం వల్ల, జీపీఎస్ పొరపాట్ల వల్ల ఫినిష్ దగ్గర వాచీ 42.6 చూపించడం మామూలే. వాచీలో 6:24 కనిపిస్తూనే ఉన్నా అసలు రేసులో రెండున్నర నిమిషాలు వెనకబడతారు. అందుకని పేస్ అంకెను నమ్ముకోకుండా 5, 10, 15, 20, 25, 30 బోర్డుల దగ్గర ఉండాల్సిన సమయాలు చేతి మీద రాసుకోండి. పైన చెప్పిన ప్లాన్‌లో మొదటి బోర్డు దగ్గర 33:00, చివరి దాని దగ్గర 3:13:00. మొదటి బోర్డుకి 31లో చేరితే ఆ క్షణమే పేస్ తగ్గించండి.